పట్టుకు అందే వంపు: కంప్యూటర్ తెరపై ఒక జగ్గు పిడి

నీళ్ల జగ్గు పిడి చూడటానికి తేలిగ్గానే కనిపిస్తుంది. కానీ దాని మందం ఎక్కడా ఒకేలా ఉండదు. వేళ్లు చుట్టుకునే నడుమ సన్నగా, గోడకు అతుక్కునే రెండు చివర్లలో వెడల్పుగా ఉంటుంది. నిండు జగ్గును ఎత్తినప్పుడు బరువంతా ఆ అతుకుల మీదే పడుతుంది కాబట్టి అక్కడ వెడల్పు అవసరం. ఇలాంటి ఆకారాన్ని సాలిడ్‌వర్క్స్, ఫ్రీక్యాడ్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తయారుచేయడానికి ముఖ్యంగా రెండు పనిముట్లున్నాయి: స్వీప్, లాఫ్ట్.

స్వీప్‌కు ఒక దారి, ఒక అడ్డుకోత చాలు. అడ్డుకోత అంటే పిడిని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం. జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు, ఆ ఆకారమే దారి పొడవునా సాగుతుంది. వంపు చక్కగా వస్తుంది, కానీ మందం మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే. లాఫ్ట్ పద్ధతి వేరు. వేర్వేరు చోట్ల వేర్వేరు అడ్డుకోతలు గీసిస్తే, వాటి మధ్య ఉపరితలాన్ని అది అల్లుతుంది. అయితే గీసిన చోట్ల మాత్రమే మన మాట వింటుంది. మధ్యలో ఏ దారిన పోవాలో చెప్పకపోతే తనకు తోచినట్టు పోతుంది.

అందుకే మంచి పిడికి స్వీప్‌లోని దారి, లాఫ్ట్‌లోని అడ్డుకోతలు రెండూ కావాలి. త్రీడీ ప్రింటింగ్‌కు ఉద్దేశించిన ఒక ప్లాస్టిక్ జగ్గు పిడిని సాలిడ్‌వర్క్స్‌లో గీస్తున్నామనుకుందాం.

మొదటి పని దారి గీయడం. జగ్గును నిలువునా రెండుగా చీల్చే ప్లేన్ మీద 130 మిల్లీమీటర్ల ఎత్తున ఒక స్ప్లైన్ గీయాలి. వేళ్లకు 35 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి, పిడి నడుమ మందం 16. అందులో సగం కలిపితే దారి గోడకు 43 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. వంపు ఎంత బిగుతుగా ఉందో కూడా ఇక్కడే చూసుకోవాలి. వంపు వ్యాసార్థం 25 అయితే, లోపలి వైపు ఉపరితలానికి దాదాపు 17 మిగులుతుంది. అదే వ్యాసార్థం 7 ఉంటే, మందంలో సగమైన 8 కంటే తక్కువ కాబట్టి లోపలి ఉపరితలం తన మీద తానే మడతపడుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఎర్రర్ చూపిస్తుంది, లేదా ఆ చోట ముడత పడిన ఆకారం ఇస్తుంది.

తర్వాత దారికి లంబంగా మూడు ప్లేన్లు పెట్టాలి: రెండు చివర్లలో రెండు, నడుమ ఒకటి. ఒక్కోదాని మీద ఒక్కో దీర్ఘవృత్తం గీయాలి. చివర్లలో వెడల్పు 34, మందం 18. నడుమ వెడల్పు 26, మందం 16. ప్రతి దీర్ఘవృత్తం కేంద్రాన్నీ `Pierce` అనే సంబంధంతో దారికి కట్టేస్తే, రేపు దారి మార్చినా అడ్డుకోతలు దాని వెంటే కదులుతాయి. ఇక లాఫ్ట్‌లో మూడింటినీ వరుసగా ఎంచుకుని, దారిని `Centerline Parameters` కింద ఇవ్వాలి. అప్పుడు మధ్యలో పుట్టే అడ్డుకోతలు కూడా దారికి లంబంగానే నిలుస్తాయి.

ఇక్కడ ఎక్కువగా ఎదురయ్యే చిక్కు మెలిక. పిడి పిండిన గుడ్డలా తిరిగిపోయిందంటే, ఒక అడ్డుకోతలోని పై బిందువు మరోదానిలోని పక్క బిందువుతో జతపడిందన్నమాట. తెర మీద కనిపించే ఆకుపచ్చ చుక్కలను లాగి, పైదానికి పైది వచ్చేలా సరిచేయాలి. ఒక చోట వృత్తం, మరో చోట దీర్ఘచతురస్రం వాడేటప్పుడు ఈ చిక్కు మరీ ఎక్కువ. వృత్తాన్ని ముందే నాలుగు ముక్కలు చేసుకుంటే రెండు చోట్లా ముక్కల లెక్క సమానమై, జతలు సరిగ్గా కుదురుతాయి.

రెండో చిక్కు ఉబ్బు. ఇది మామూలు చూపుకు ఆనకపోవచ్చు. చివరకూ నడుమకూ సరిగ్గా మధ్యలో మోడల్‌ను అడ్డంగా కోసి కొలవాలి. అక్కడ వెడల్పు 30కి, మందం 17కి దగ్గరగా రావాలి. వెడల్పు 36 వచ్చిందంటే ఉపరితలం రెండు కొలతలనూ దాటి ఉబ్బినట్టే. చివర్లలో `Normal To Profile` పెట్టి ఉంటే, దాని పక్కనున్న టాంజెంట్ పొడవును 1 నుంచి 0.5కు తగ్గించి మళ్లీ కొలవాలి. అప్పటికీ లొంగకపోతే అంచు వెంట ఒక గైడ్ కర్వ్ గీసి వెడల్పును కట్టడి చేయాలి. ఆ గీత మూడు అడ్డుకోతలనూ తాకాలి. ఉబ్బు కనబడిన చోటల్లా కొత్త అడ్డుకోత చేర్చుకుంటూ పోతే, ఒక్కోటీ కాస్త తేడాగా లాగి ఉపరితలం అలలు తేలుతుంది.

అడ్డుకోత చివరిదాకా దీర్ఘవృత్తంగానే ఉండి కొలతలు మాత్రమే మారేటట్లయితే, గైడ్ కర్వ్‌లతో స్వీప్ కూడా సరిపోతుంది. అయితే గీత నడిపించాల్సిన వెడల్పుకు స్కెచ్‌లో అంకె ఇవ్వకూడదు. ఇస్తే అది అక్కడే స్థిరపడి, గీత మాట వినదు.

చివరగా నునుపు చూడటానికి `Zebra Stripes` ఆన్ చేయాలి. నలుపు తెలుపు చారలు రెండు ఉపరితలాలు కలిసేచోట తెగిపోతే అక్కడ పదునైన అంచుంది. కలిసి కూడా మూల తిరిగితే వాలు కుదిరింది కానీ వంపు కుదరలేదు. సాఫీగా సాగిపోతే వంపు కూడా కుదిరినట్టు. సరళరేఖకు వృత్తఖండాన్ని అతికించి దారి గీసినవారికి ఆ అతుకు దగ్గర చారలు మూల తిరుగుతూ కనిపిస్తాయి. అప్పుడు లాఫ్ట్‌ను ముట్టుకోకుండా, దారి స్కెచ్‌ను తెరిచి ఆ రెండు ముక్కల బదులు ఒకే స్ప్లైన్ గీయాలి.