అమ్మాయి క్యారేజీలో ఎన్ని గ్రాములు?

విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఒక యువకుడు ఆ మధ్య తన కుమార్తెను వెంటబెట్టుకుని మా వైద్యశాలకు వచ్చాడు. పాపకు పదకొండేళ్ళు. మూడు నెలలుగా కడుపు ఉబ్బరం, మలబద్ధకం ఉన్నాయి. సాయంకాలం బడి నుండి రాగానే నీరసంగా పడుకుంటున్నది. రోగిని గూర్చి నేను అడగబోయే లోపలే ఆ తండ్రి చేతిసంచిలో నుండి గళ్ళ నోటుపుస్తకం ఒకటి తీసి నా ముందుంచాడు. అందులో తేదీల వారీగా, పాప బడికి తీసుకుని వెళ్ళే క్యారేజీలో ఏ పదార్థం ఎన్ని గ్రాములున్నదో, దానిలో మాంసకృత్తులు ఎన్ని గ్రాములో పొందికగా వ్రాసి ఉన్నది.

బడిలో జరిగిన వైద్య పరీక్షలో పాప వయసుకు తగిన బరువు లేదని వ్రాసి ఇచ్చారట. ఆ కాగితం చూసిననాటి నుండి అతనికి నిద్ర లేదు. పాప తల్లికి పోర్టు వైపు ఉద్యోగం. ఉదయం ఏడింటికే బస్సు అందుకోవాలి. కనుక రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన ఇతడే, కన్ను మూయకుండా, చిన్న త్రాసు కొని తెచ్చి క్యారేజీ కట్టే పని మీద వేసుకున్నాడు. "డాక్టరుగారూ, నేను ఇరవై తొమ్మిది గ్రాములు పెడుతున్నాను. ఇంతకుముందు వాళ్ళమ్మ పెట్టినదానిలో అందులో సగం కూడా లేదు. అయినా పిల్ల కిలోన్నర తగ్గింది" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, భయం ఉన్నది.

ఆ 29 గ్రాములు ఎలా వచ్చాయో చూద్దాం. ఉడికించిన శనగ గుగ్గిళ్ళు 60 గ్రాములకు 12, కోడిగుడ్డు ఒకటికి 6, కందిపప్పు 50 గ్రాములకు 11. అన్నానికి ఏమీ వేయలేదు. అది పిండిపదార్థమే కదా అని అతని ఉద్దేశం. మునుపు 75 గ్రాముల బియ్యపు అన్నం పెట్టే చోట 30 గ్రాములకు తగ్గించాడు కూడా.

పుస్తకాలలో ముద్రించే పోషక పట్టికలు సాధారణంగా పచ్చి ధాన్యానికి, ఎండు పప్పుకు సంబంధించినవి. నూరు గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయంటే, అది డబ్బాలోని ఎండు పప్పును గురించిన మాట. అదే పప్పు కుక్కరులో నీరు త్రాగి మూడు నాలుగు రెట్ల బరువు అవుతుంది. పెరిగినది నీటి బరువే కాని మాంసకృత్తులు పెరగలేదు. కాబట్టి 50 గ్రాముల ఉడికిన ముద్దపప్పులో ఉండేవి 11 కావు, సుమారు 3. గుగ్గిళ్ళు కూడా అంతే. 60 గ్రాములలో 5 మాత్రమే. గుడ్డు లెక్క ఒక్కటే సరిగా ఉన్నది. అంటే పుస్తకంలోని 29 నిజానికి 14. ఎండు సోయా ముక్కలను నానబెట్టి తూచేవారు కూడా సరిగా ఈ పొరపాటే చేస్తారు. తూకం వేయదలిస్తే వండక ముందు వేయాలి.

ఇక ఆ 14 అయినా పాప కడుపులోకి వెళ్ళాయా? తండ్రిని కాసేపు బయట కూర్చోబెట్టి పాపను అడిగాను. మొదట తల వంచుకున్నది. తరువాత మెల్లగా, "తాతగారూ, మాకు భోజనానికి ఇచ్చేది ఇరవై నిమిషాలు. ఆ గుగ్గిళ్ళు నమలడం అయ్యేలోపలే గంట కొడతారు. మూత తీస్తే గుడ్డు వాసన వస్తుందని పక్కవాళ్ళు లేచిపోతారు. నాన్నకు చెప్పకండి, రాత్రి నిద్ర మానుకుని కడుతున్నారు" అన్నది. మిగిలినది బడి గోడ అవతల కాకులకు వేసి, ఖాళీ గిన్నె ఇంటికి తెస్తున్నది. ఉడికిన గుడ్డులోని గంధక సంబంధమైన వాయువు మూత బిగించిన స్టీలు గిన్నెలో మధ్యాహ్నం దాకా నిలిచి ఉంటుంది. అసలే ఉక్కపోత ఊరు మనది. ఆ పిల్లను తప్పు పట్టలేము.

మరునాటి నుండి ఆరు రోజులు మిగిలినది పారవేయకుండా అలాగే తీసుకుని రమ్మని పాపను ఒప్పించాను. తండ్రిని అదే త్రాసుతో దానిని కూడా తూచమన్నాను. ఆరో రోజు అతను వచ్చి చాలాసేపు మాట్లాడలేదు. గుగ్గిళ్ళలో మూడు వంతులు, గుడ్డులో సగం రోజూ తిరిగి వస్తున్నాయి. పాప తిన్నదానిలో ఉన్న మాంసకృత్తులు, అన్నంలోని 2 గ్రాములతో కలిపి, 9 గ్రాములకు మించలేదు.

పాత క్యారేజీ మాటేమిటి? తల్లి పెట్టినది 75 గ్రాముల బియ్యపు అన్నం, 25 గ్రాముల కందిపప్పుతో వండిన పప్పు, ఒక చిన్న గిన్నె పెరుగు. బియ్యంలో నూటికి రమారమి 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి కనుక అన్నం ద్వారా 6, పప్పు ద్వారా 5న్నర, పెరుగు ద్వారా 3. వెరసి 14 గ్రాముల పైమాట. పాప దానిని మెతుకు మిగల్చకుండా తినేది. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అనే అంశం కొరతగా ఉంటుంది, పప్పులో అది సమృద్ధి. పప్పులో తక్కువైన మెథియొనిన్ బియ్యంలో ఉంటుంది. మూడు పాళ్ళ బియ్యానికి ఒక పాలు పప్పు కలిసినప్పుడు ఒకదాని లోటు మరొకటి పూరిస్తుంది. ఆ తల్లి ఈ లెక్క ఎరుగదు, కాని ఆమె గిన్నెలో ఉన్నది ఆ పాళ్ళే.

అయితే మాంసకృత్తుల లెక్క ఒక్కటే ఆ కిలోన్నర తరుగుదలను వివరించదు. ఇక్కడ అతని వృత్తి నాకు అక్కరకు వచ్చింది. అతను పనిచేసేది బ్లాస్ట్ ఫర్నేసు విభాగంలో. విశాఖ కర్మాగారంలో ఆ కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. "నాయనా, కొలిమిలో ముడి ఖనిజం పెంచి కోక్ బొగ్గు తగ్గిస్తే ఏమవుతుంది?" అని అడిగాను. "కొలిమి చల్లబడుతుంది, ఇనుము దిగదు" అన్నాడు వెంటనే. శరీరానికి అన్నం, నూనె, నెయ్యి ఇంధనాలు. అవి చాలనప్పుడు శరీరం ఊరుకోదు. కండ కట్టడానికి రావలసిన మాంసకృత్తులనే పొయ్యిలో పెట్టి కాలుస్తుంది. పదకొండేళ్ళ ఆడపిల్లకు రోజుకు రమారమి 2000 కేలరీలు కావాలి. బియ్యం 45 గ్రాములు తగ్గించడం వలన ఒక్క మధ్యాహ్నంలోనే 160 కేలరీలు పోయాయి. గుగ్గిళ్ళు కాకుల పాలు కావడంతో మరికొన్ని పోయాయి.

ఇది నా ఊహ కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు బలహీనంగా ఉన్న చిన్నపిల్లలకు దాదాపు పద్నాలుగు నెలలపాటు రోజూ సుమారు 310 కేలరీల అదనపు ఆహారం ఇచ్చి చూశారు. అందులో మాంసకృత్తులు 3 గ్రాములే. అయినా ఆ పిల్లలు ఎత్తులోను బరువులోను బాగా పుంజుకున్నారు. ఆ ఫలితాలు 1973లో వెలువడ్డాయి. ప్రపంచమంతా మాంసకృత్తుల కొరతే బాలల ప్రధాన లోపమని అనుకుంటున్న రోజులవి. అలాగని వట్టి అన్నం చాలునని అర్థం కాదు. పప్పు, పెరుగు లేని అన్నం తినే పిల్ల విషయం వేరు. ఈ పాపది ఆ స్థితి కాదు.

కడుపు ఉబ్బరానికి కారణం మన శాస్త్రంలోనే ఉన్నది. శనగ రూక్షం, విష్టంభకరం. అంటే పొడిబారజేసి, మలాన్ని బంధించే గుణం కలది. తిన్న కొద్దిపాటి గుగ్గిళ్ళు కూడా పాప సగం నమిలి మింగుతున్నది, బడిలో నీరు సరిగా త్రాగడం లేదు. ఎంత తినాలన్నది తినేవారి అగ్నిబలాన్ని బట్టి ఉంటుందని చరకుడు చెప్పిన మాట ఇటువంటి చోట గుర్తుకు రావాలి. నెల రోజులు శనగ మానిపించి, పప్పులలో లఘువైన పెసరపప్పును జీలకర్ర, ఇంగువ పోపుతో, చెంచాడు నెయ్యితో పెట్టమన్నాను. మందు ఏమీ ఇవ్వలేదు. బరువు తగ్గిన పిల్ల కనుక రక్త, మూత్ర పరీక్షలు మాత్రం చేయించాను. హిమోగ్లోబిన్ కొద్దిగా తక్కువ తప్ప దోషం కనిపించలేదు. ఆ తక్కువకు పిల్లల వైద్యుని వద్దకు పంపాను. ఇనుము లోటు మాంసకృత్తులతో తీరేది కాదు. పాదాలు, ముఖం వాచినా, ఆరు నెలలకూ ఎత్తు కదలకపోయినా, తగినంత తింటూ బరువు తగ్గుతున్నా వంటింటి లెక్కలతో కాలయాపన చేయరాదు.

రోజు మొత్తానికి లెక్క వేద్దామని ఇద్దరం కూర్చున్నాము. జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక ప్రకారం 10 నుండి 12 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు 33 గ్రాములు. అది 36 కిలోల పిల్లకు. మన పాప 31 కిలోలు కనుక 29 చాలును. తండ్రి అంకె కూడా 29 అని పాఠకులు గమనించే ఉంటారు! రోజంతటికీ కావలసినదానిని అతను ఒక్క గిన్నెలో కూరబోయాడు. ఉదయం రెండు ఇడ్లీలు, పల్లీ పచ్చడితో 6; గ్లాసు పాలతో 6; మధ్యాహ్నం పాత క్యారేజీతో 14; సాయంత్రం గుప్పెడు వేరుసెనగలు, బెల్లంతో 5; రాత్రి అన్నం, కాస్త పప్పు, మజ్జిగతో 12. మొత్తం 43. ధాన్యపు మాంసకృత్తులు పూర్తిగా జీర్ణం కావు కనుక జాగ్రత్త కోసం అయిదో వంతు తీసివేసినా 34 మిగులుతాయి. గుడ్డు మానవలసిన పని లేదు. రాత్రి ఇంటిలో వేడిగా తినవచ్చు.

పెరుగు మధ్యాహ్నానికి పులిసిపోతున్నదని పాప తల్లి చెప్పింది. దానికి మన ఇళ్ళలో ఉన్న ఉపాయమే చెప్పాను. మెత్తని అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి మూత పెడితే, బడి భోజనపు గంటకు అది కమ్మగా తోడుకుని ఉంటుంది.

నాలుగు నెలల తరువాత తండ్రీ కూతుళ్ళు మళ్ళీ వచ్చారు. విరేచనం సుఖంగా అవుతున్నది, ఉబ్బరం లేదు. బరువు రెండు కిలోలు పెరిగింది. నోటుపుస్తకం మానలేదు కాని అందులో ఇప్పుడు ఒకే వరుస ఉన్నది: "తిరిగి వచ్చినది". అది పాప స్వయంగా వ్రాస్తున్నది. ఒక గురువారం నాడు "బీరకాయ, మొత్తం" అని ఉన్నది. "ఇదేమిటమ్మా?" అని అడిగితే, "అది నాకు ఇష్టం లేదు తాతగారూ" అని తండ్రి ఎదుటే చెప్పింది.