మూయని బ్రాకెట్ ఎక్కడుంది?

ఎక్సెల్‌లో పొడవాటి ఫార్ములా టైపు చేసి ఎంటర్ నొక్కగానే తెర మీద ఒక పెట్టె ప్రత్యక్షమవుతుంది.

```
There's a problem with this formula.
```

దాని కింద రెండు మూడు లైన్ల సలహా కూడా ఉంటుంది. సమానం గుర్తుతో గానీ మైనస్ గుర్తుతో గానీ మొదలుపెడితే దాన్ని ఫార్ములా అనుకుంటానని, మీరు రాయాలనుకున్నది ఫార్ములా కాకపోతే ముందు ఒక అపాస్ట్రఫీ పెట్టమని చెబుతుంది. సరుకుల జాబితాలో "-బియ్యం" అని రాసుకునేవారికి ఆ సలహా పనికొస్తుంది. నిజంగా ఫార్ములాయే రాస్తున్నవారికి మాత్రం తప్పేమిటో, ఎక్కడుందో ఆ పెట్టె చెప్పదు. చాలాసార్లు ఆ తప్పు ఒక బ్రాకెట్టో, ఒక కొటేషన్ గుర్తో అయి ఉంటుంది.

పెట్టెలో ఓకే నొక్కాక విసుగొచ్చి ఎస్కేప్ కొడితే అంతసేపూ టైపు చేసింది మొత్తం పోతుంది. అందుకే పెట్టె ఇచ్చిన సలహానే ఇంకో రకంగా వాడుకోవచ్చు. సమానం గుర్తుకు ముందు ఒక అపాస్ట్రఫీ పెట్టి ఎంటర్ నొక్కండి. ఫార్ములా వట్టి అక్షరాలుగా సెల్‌లో భద్రంగా ఉంటుంది, టీ తాగి వచ్చి తీరిగ్గా చూసుకోవచ్చు. తప్పు దిద్దాక అపాస్ట్రఫీ తీసేస్తే సరి.

ఇప్పుడు ఒక మార్కుల జాబితా తీసుకుందాం. మూడు సబ్జెక్టుల మార్కులు B, C, D వరుసల్లో ఉన్నాయి. ప్రతిదాంట్లోనూ కనీసం 35 వస్తేనే పాస్. పాసైన విద్యార్థికి మొత్తం 180 వస్తే ప్రథమ శ్రేణి. ఒక ఉపాధ్యాయుడు ఇలా రాశాడనుకోండి.

```
=IF(AND(B2>=35,C2>=35,D2>=35,IF(SUM(B2:D2)>=180,"ప్రథమ శ్రేణి,"పాస్"),"ఫెయిల్")
```

ఇందులో తప్పులు రెండున్నాయి. ఒకటి బ్రాకెట్‌ది, ఒకటి కొటేషన్‌ది. చాలామంది ముందు బ్రాకెట్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది కొటేషన్లను. కొటేషన్ల మధ్య ఉన్నదంతా ఎక్సెల్‌కు వట్టి అక్షరాలే. అక్కడ కామా ఉన్నా, బ్రాకెట్ ఉన్నా లెక్కలోకి రాదు. ఒక కొటేషన్ తప్పిపోతే దాని తర్వాత ఏది లోపల, ఏది బయట అన్నది మొత్తం తారుమారవుతుంది.

పై ఫార్ములాలో అదే జరిగింది. ప్రథమ శ్రేణి ముందు కొటేషన్ తెరుచుకుంది, వెనక మూసుకోలేదు. కాబట్టి ఎక్సెల్ ముందుకు చదువుకుంటూ పోయి, "పాస్" ముందున్న గుర్తును మూసే గుర్తుగా తీసుకుంటుంది. అప్పుడు పాస్ అనే మాట కొటేషన్ల బయట పడుతుంది. దాని తర్వాతి బ్రాకెట్టూ కామా కలిసి కొటేషన్ల లోపల చిక్కుకుంటాయి. ఫెయిల్ మళ్లీ బయట పడుతుంది. చివరి కొటేషన్ తెరుచుకుని, ఆఖరి బ్రాకెట్‌ను మింగేసి, మూసుకోకుండా మిగిలిపోతుంది. ఈ స్థితిలో బ్రాకెట్లు లెక్కపెడితే వచ్చేది తప్పుడు లెక్కే.

కొటేషన్లను పరీక్షించడం తేలిక. మొత్తం గుర్తులు లెక్కపెట్టండి, అవి సరిసంఖ్యలో ఉండాలి. ఇక్కడ ఐదే ఉన్నాయి. ఏది తగ్గిందో తెలియాలంటే ఎడమ నుంచి జతలు జతలుగా చదువుకుంటూ పోవాలి. ప్రథమ శ్రేణి వెనక గుర్తు పెట్టగానే ఆరు అవుతాయి.

కొటేషన్ల విషయంలో ఇంకో చిక్కుంది. వర్డ్‌లోంచి ఫార్ములా కాపీ చేసినప్పుడు కొటేషన్లు వంపు తిరిగి వస్తుంటాయి. ఎక్సెల్ ఫార్ములాలో ఉండాల్సింది కీబోర్డులోని నిటారు గుర్తు. కళ్లకు జత సరిగ్గానే కనిపిస్తుంది, ఫార్ములా మాత్రం పనిచేయదు. ఎక్సెల్‌లోనే ఆ గుర్తులను చెరిపేసి మళ్లీ టైపు చేయడమే మందు.

ఇక బ్రాకెట్లు. ఎడమ నుంచి చదువుతూ, తెరిచే బ్రాకెట్ వచ్చినప్పుడల్లా ఒకటి కలపండి, మూసేది వస్తే ఒకటి తీసేయండి. IF దగ్గర 1, AND దగ్గర 2, రెండో IF దగ్గర 3, SUM దగ్గర 4. D2 తర్వాతి బ్రాకెట్‌తో 3, పాస్ తర్వాత 2, ఆఖరిదానితో 1. చివర సున్నా రావాలి, ఒకటి మిగిలింది. అంటే మూసే బ్రాకెట్ ఒకటి తక్కువ. అదే మధ్యలో ఎక్కడైనా సున్నా కంటే కిందికి దిగితే, మూసేది ఒకటి ఎక్కువైందన్నమాట.

ఎన్ని తక్కువో ఈ లెక్క చెబుతుంది, ఎక్కడ తక్కువో చెప్పదు. చివర ఒకటి తగిలిస్తే సంఖ్య సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇక్కడ అలా చేస్తే ఎక్సెల్ ఈసారి వేరే పాట అందుకుంటుంది.

```
You've entered too few arguments for this function.
```

AND అన్నది మూసుకోకుండా తర్వాత వచ్చినవన్నీ తనలోకి లాగేసుకుంది. బయటి IF చేతిలో ఒక్క అంశమే మిగిలింది.

చోటు పట్టుకోవడానికి సెల్ మీద F2 నొక్కి, బాణం మీటలతో కర్సర్‌ను ఫార్ములాలో జరపండి. బ్రాకెట్‌ను దాటిన క్షణంలో అదీ, దాని జతా ఒక్కసారి బొద్దుగా మెరుస్తాయి. జతలకు రంగులు కూడా వేరుగా ఉంటాయి, అన్నిటికంటే బయటి జత నలుపు. ఆఖరి బ్రాకెట్ నల్లగా లేదంటే బయటిది ఇంకా తెరిచే ఉందని అర్థం. అంతకంటే నమ్మకమైన సాక్షి ఫార్ములా కింద తేలే చిన్న చీటీ. రెండో IF అక్షరాలకు సరిగ్గా ముందు కర్సర్ పెట్టి చూడండి. అక్కడ బయటి IF పేరు కనిపించాలి. AND పేరు కనిపిస్తోందంటే మనం ఇంకా దాని లోపలే ఉన్నాం. D2>=35 తర్వాత బ్రాకెట్ పెడితే ఫార్ములా చక్కబడుతుంది.

```
=IF(AND(B2>=35,C2>=35,D2>=35),IF(SUM(B2:D2)>=180,"ప్రథమ శ్రేణి","పాస్"),"ఫెయిల్")
```

ఓకే నొక్కాక ఎక్సెల్ ఒక్కోసారి ఫార్ములాలో కొంత భాగాన్ని ఎంచి చూపిస్తుంది. అది తాను తడబడిన చోటు. అసలు తప్పు సాధారణంగా దానికి ఎడమ వైపున ఉంటుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా ఇదే పెట్టె రావచ్చు. జర్మనీలో ఉన్న మనవాళ్ల కంప్యూటర్లు అక్కడి ప్రాంతీయ సెట్టింగుల్లో ఉంటే, అంశాల మధ్య కామా బదులు సెమీకోలన్ పెట్టాలి. ఫైలు పంపితే ఎక్సెల్ తనే సర్దుకుంటుంది. ఫార్ములాను మెసేజ్‌లో పంపితే, వాళ్లు అతికించగానే తిరస్కరిస్తుంది. అలాంటప్పుడు బ్రాకెట్లు ఎంత లెక్కపెట్టినా లాభం లేదు.

పెట్టె రావడం కంటే రాకపోవడమే ఎక్కువ ప్రమాదం. మూసే బ్రాకెట్ మరిచిపోతే ఎక్సెల్ కొన్నిసార్లు అడగకుండానే, కొన్నిసార్లు "ఇలా దిద్దమంటారా" అని అడిగి, తనే ఒకటి తగిలిస్తుంది. అది చివరన చేరుతుంది. ధర B2లో, తగ్గింపు C2లో ఉన్నాయి. తగ్గింపు పోగా మిగిలినదానికి 18 శాతం జీఎస్టీ కలపాలి. మొదటిది మన ఉద్దేశం, రెండోది C2 తర్వాత బ్రాకెట్ మరిచిపోతే మిగిలేది.

```
=(B2-C2)*1.18
=(B2-C2*1.18)
```

ధర 1000, తగ్గింపు 100 అయితే మొదటిదానికి 1062 వస్తుంది, రెండోదానికి 882. రెండూ బిల్లులో నమ్మశక్యంగానే కనిపిస్తాయి. రెండోదాంట్లోనూ బ్రాకెట్లు జతగానే ఉన్నాయి కాబట్టి ఎక్సెల్‌కు అభ్యంతరం ఉండదు. దిద్దమంటారా అని అడిగితే వెంటనే ఒప్పుకోకుండా, బ్రాకెట్ ఎక్కడ పెట్టబోతోందో చదవాలి. అనుమానం తీరకపోతే ఫార్ములాలో C2*1.18 భాగాన్ని మాత్రమే ఎంచి F9 నొక్కండి, దాని విలువ 118 అని అక్కడే కనిపిస్తుంది. పన్ను తగ్గింపు మీద పడుతోందన్నమాట. చూశాక ఎంటర్ కాకుండా ఎస్కేప్ నొక్కాలి. ఎంటర్ నొక్కితే ఆ 118 ఫార్ములాలో శాశ్వతంగా ఉండిపోతుంది.