నెలజీతం ఒకటే, చివరి లెక్క వేరు

సౌదీ అరేబియాలో ఉపాధ్యాయ ఉద్యోగం వెతికేవారు ముందుగా నెలజీతం చూస్తారు. అంతకన్నా ముందు చూడవలసింది, ఆ ఉద్యోగం ముగిసేనాటికి చేతికేమి వస్తుందన్నది. ప్రభుత్వ బడుల కొలువులు ప్రధానంగా ఆ దేశ పౌరులవి. విదేశీయుడు అక్కడ చేరినా గడువుగల ఒప్పందం మీదనే.

ప్రైవేటు బడికీ, ట్యూషన్ కంపెనీకీ వర్తించేది ఒకే కార్మిక చట్టం. పని వారానికి 48 గంటలు మించరాదు. ఇంటికి మోసుకొచ్చి దిద్దే జవాబుపత్రాలు ఆ లెక్కలోకి ఎక్కడం మాత్రం అరుదు. ఉద్యోగం ముగిసినప్పుడు మొదటి ఐదేళ్లకు ఏటా అరనెల జీతం, ఆపై ప్రతి ఏటికి నెలజీతం చొప్పున పారితోషికం ఇవ్వాలి.

ప్రైవేటు బడిలో ఎనిమిదేళ్లు పనిచేసిన టీచరు చివరి జీతం 4,000 రియాళ్లనుకుందాం. గడువు తీరి ఒప్పందం ముగిస్తే 22,000 వస్తాయి. నడుమ తానే రాజీనామా చేస్తే అందులో మూడింట రెండు వంతులే, సుమారు 14,667.

ట్యూషన్ కంపెనీ అదే 4,000ను 2,500 స్థిర జీతంగా, 1,500 కమిషన్‌గా విడగొట్టవచ్చు. హెచ్చుతగ్గులుండే కమిషన్‌ను పారితోషికం లెక్కనుంచి తప్పిస్తూ ఒప్పందం రాసుకోవడానికి చట్టంలోని 86వ అధికరణం అనుమతిస్తుంది. ఆ షరతుపై సంతకం చేసిన టీచరుకు, పూర్తి హక్కు ఉన్నా, ఎనిమిదేళ్లకు దక్కేది 13,750.