మాత్ర ముందా, తర్వాతా?

మా బావగారికి 54 ఏళ్లు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. మొన్న డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఫోన్‌లో యాప్ తెరిచి రెండు నెలల రీడింగులు చూపించారు. డాక్టర్ గారు వాటిని పైకీ కిందికీ జరిపి ఒకే ఒక్క మాట అడిగారు: "ఇవి మాత్ర వేసుకోకముందు చూసినవా, వేసుకున్నాకా?" బావగారి దగ్గర జవాబు లేదు.

తర్వాతి విజిట్‌కి ముందు ఏడు రోజులు పద్ధతిగా చూడమని చెప్పి పంపారు. పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, కాఫీ, మాత్ర రెండూ ముట్టకముందు చూడాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి. రాత్రి భోజనానికి ముందూ అంతే. వారానికి 28 రీడింగులు. మొదటి రోజువి వదిలేసి మిగతా 24కి సగటు తీస్తారు. ఇంట్లో చూసిన సగటు 135/85 దాటితే ఎక్కువని లెక్క.

బావగారి మొత్తం సగటు 137/86. గీత కాస్త దాటిందంతే. కానీ ఉదయం, రాత్రి విడదీస్తే ఉదయం 146/92, రాత్రి 128/80. పొద్దున వేసుకునే మాత్ర మర్నాటి దాకా పనిచేయడం లేదేమోనన్న అనుమానం డాక్టర్‌కి అక్కడే వచ్చింది. అందుకే, ఉదయం రాత్రి సగటులు వేరుగా చూపి, పీడీఎఫ్‌గా ఒక పేజీలో ఇచ్చే యాప్‌ని ఎంచుకోండి.

షుగరుకైతే గుర్తు ఇంకా ముఖ్యం. 168 అని మాత్రమే రాస్తే అర్థం లేదు. షుగరున్న చాలామందికి పరగడుపున 80-130, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు లక్ష్యం. అంటే అదే 168 పరగడుపున ఎక్కువ, భోజనం తర్వాతైతే ఫర్వాలేదు. మామిడిపండు తిన్న చేతిని కడుక్కోకుండా వేలు గుచ్చితే, లేని షుగరు కూడా కనిపిస్తుంది.

మెషిన్ నుంచి బ్లూటూత్‌తో రీడింగులు వాటంతటవే చేరతాయి కాబట్టి తప్పులుండవనుకోకండి. బ్యాటరీ మార్చాక గడియారం సరిచేయకపోతే రాత్రి రీడింగు ఉదయానిదిగా నమోదవుతుంది. ఒకే మెషిన్‌ని భార్యాభర్తలిద్దరూ వాడితే, యూజర్ మార్చకుండా చూసినప్పుడు ఆమె బీపీ ఆయన ఖాతాలో పడుతుంది. చేత్తో ఎక్కించేవాళ్లు చేసే తప్పు వేరు: ఎక్కువొచ్చిన రీడింగుని వదిలేసి, బాగున్నదే రాస్తారు. అప్పుడు డాక్టర్ ఉన్న జబ్బుకి కాక, రాసిన అంకెకి మందిస్తారు.

సగటు ఎలా ఉన్నా మాత్ర మోతాదు మీరు మార్చకండి. బీపీ 180/120 దాటి, ఛాతీ నొప్పో, ఆయాసమో, మాట తడబాటో ఉంటే యాప్ పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.