చెక్కు బౌన్స్ అయితే కస్టమర్‌కు మెసేజ్ ఎలా రాయాలి?

హైదరాబాద్ పత్తర్‌గట్టీలో బట్టల టోకు వ్యాపారం చేసే ఒకాయనను ఉదాహరణగా తీసుకుందాం. కర్నూలులో దుకాణమున్న పాత కస్టమర్ ఆయన దగ్గర రూ.48,500 సరుకు తీసుకెళ్లి, 5వ తేదీ వేసి చెక్కు ఇచ్చాడు. 9వ తేదీ సోమవారం ఆ చెక్కు బ్యాంకు నుంచి తిరిగొచ్చింది. పైగా వ్యాపారి ఖాతాలోంచి జీఎస్టీతో కలిపి రూ.354 చార్జీ కోసేశారు. ఆ కోపంలో ఆయన ఫోన్ తీసి రాసిన మెసేజ్ ఇది:

"సలాం. మీ చెక్కు బౌన్స్ అయింది. పదేళ్ల పరిచయం పెట్టుకుని ఇలా మోసం చేస్తారా? వెంటనే డబ్బు పంపండి, లేదంటే కోర్టుకు లాగుతా. మీ ఊళ్లో అందరికీ చెప్తా."

కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ ఈ మెసేజ్ చదివిన మనిషికి ఎంత పంపాలో, ఎప్పటికి పంపాలో, ఎలా పంపాలో తెలియదు. తెలిసేది ఒక్కటే, తనను మోసగాడన్నారని. ఇక జవాబు దాని మీదే వస్తుంది, డబ్బు మాట పక్కకు పోతుంది.

రాసే ముందు బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో చూడాలి. చెక్కు ఎందుకు తిరిగొచ్చిందో అందులో ఉంటుంది. ఖాతాలో డబ్బు చాలకపోవడం ఒకటి, సంతకం కలవకపోవడం వేరు, అంకెల్లో ఒక మొత్తం, అక్షరాల్లో ఇంకో మొత్తం ఉండటం ఇంకా వేరు. సంతకం తేడా వస్తే ఖాతాలో డబ్బుండి కూడా చెక్కు తిరిగొస్తుంది. అలాంటివాడిని మోసగాడంటే ఆ మాట మళ్లీ వెనక్కి తీసుకోలేం. అందుకే మెసేజ్‌లో మెమో మీదున్న కారణమే రాయాలి, మన అనుమానం కాదు.

మన వ్యాపారి మెమోలో "ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్" అని ఉంది. ఆయన తిరగరాసిన మెసేజ్ ఇలా తయారైంది:

"అస్సలాము అలైకుమ్ భాయ్. సరుకు బిల్లుకు మీరిచ్చిన 5వ తేదీ చెక్కు, రూ.48,500ది, ఖాతాలో డబ్బు చాలలేదని 9న తిరిగొచ్చింది. మెమో ఫొటో పంపుతున్నాను. బ్యాంకు నాకు రూ.354 చార్జీ వేసింది. మొత్తం రూ.48,854ను 14వ తేదీ శనివారం సాయంత్రం 5 లోపు నా ఖాతాకు నెఫ్ట్ గానీ యూపీఐ గానీ చేయండి. డబ్బు జమ కాగానే అసలు చెక్కు మీకు తిరిగి ఇచ్చేస్తాను. ఏదైనా ఇబ్బంది ఉంటే రేపటిలోగా నాకు చెప్పండి."

"వెంటనే" అన్న చోట తేదీ, టైమ్ వచ్చాయి. మళ్లీ చెక్కు అడగలేదు, ఎందుకంటే అదీ తిరిగొస్తే ఇంకో చార్జీ, ఇంకో వారం పోతాయి. అడిగింది బ్యాంకు కోసిన అసలు చార్జీనే. ఆలస్యానికి రోజుకింత అని వేస్తే అది వడ్డీ కిందికి పోతుంది, మన ఇళ్లలో చాలామంది దాని జోలికి పోరు. చివరి వాక్యం చిన్నదే, కానీ నిజంగా ఇబ్బందుల్లో ఉన్నవాడికి నోరు విప్పే దారి అదే. ఇస్తానన్న అసలు చెక్కును మాత్రం డబ్బు ఖాతాలో కనబడేదాకా చేతిలోంచి వదలకూడదు. మెమో కూడా అంతే. ఈ మెసేజ్ అతని నంబరుకే పోవాలి, బజారు గ్రూపులో కాదు.

"భాయ్, గురువారం మళ్లీ చెక్కు వేయండి" అని జవాబు రావచ్చు. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లోపైతే మళ్లీ వేయొచ్చు. కాకపోతే ఆ మాట ఫోన్లో కాకుండా రాతలో తీసుకోవడం మంచిది. సగం ఇప్పుడు, సగం తర్వాత అన్నా అంతే, ఏ తేదీన ఎంతో అతని చేతే రాయించుకోవాలి.

కోర్టు మాట మొదటి మెసేజ్‌లో లేదు కదా అని దాన్ని మర్చిపోకూడదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద పోవాలంటే, చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది అందాక చెల్లించడానికి అతనికి 15 రోజులుంటాయి. అప్పటికీ ఇవ్వకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. మర్యాదగా పంపిన వాట్సాప్ మెసేజ్‌నే నోటీసు అనుకుని కూర్చుంటే గడువు దాటిపోతుంది. నోటీసును వకీలుతో రాయించి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపడమే భద్రం. మన వ్యాపారి 14 దాకా ఆగినా ఆయన చేతిలో ఇంకా మూడు వారాల పైనే ఉంటుంది. "వచ్చే వారం, ఇన్షా అల్లాహ్" అన్న జవాబు రెండోసారి వచ్చిందంటే, వకీలు దగ్గరకు మెమో తీసుకెళ్లాల్సింది ఆ వారమే.