తల ఎటువైపు నుంచి తిరగాలి?

యానిమేషన్ చేసేవాళ్లను తికమక పెట్టే దోషం ఒకటుంది. బొమ్మ తల కాస్త పక్కకు తిరగాలి. మొదటి భంగిమ సరిగ్గానే ఉంటుంది, చివరిదీ సరిగ్గానే ఉంటుంది. నడుమ మాత్రం తల వెనక్కి తిరిగి, వీపువైపు నుంచి చుట్టుకుని వస్తుంది.

ఒక వస్తువు ఎటు తిరిగి ఉందో చెప్పడానికి కంప్యూటర్ సాధారణంగా నాలుగు సంఖ్యల క్వాటర్నియన్‌ను వాడుతుంది. 1843లో హామిల్టన్ డబ్లిన్‌లో కనిపెట్టిన గణితం ఇది. ఆ నాలుగింటి వర్గాలు కలిపితే 1 రావాలి. అంటే ప్రతి భంగిమా నాలుగు కొలతల గోళం మీద ఒక బిందువు. రెండు బిందువులను తిన్నగా గీతతో కలిపితే ఆ గీత గోళం లోపలి నుంచి పోతుంది. దాన్ని మళ్లీ ఉపరితలం మీదికి లాగినా కదలిక మొదట్లో, చివర్లో నెమ్మదిస్తుంది, నడుమ వేగం పుంజుకుంటుంది. అందుకే ఉపరితలం మీదే, సమవేగంతో నడిచే పద్ధతిని 1985లో కెన్ షూమేక్ యానిమేషన్‌లోకి తెచ్చాడు. దాని పేరు స్లెర్ప్.

చిక్కు ఎక్కడంటే, క్వాటర్నియన్‌లో రాసేది తిరిగిన కోణం కాదు, అందులో సగం. నిలువు ఇరుసు మీద తల 20 డిగ్రీలు తిరిగి ఉంటే 10 డిగ్రీల కొసైన్, సైన్ రాస్తాం: 0.985, 0.174. మిగతా రెండు సంఖ్యలూ సున్నాలే. 80 డిగ్రీలకు 0.766, 0.643. ఇప్పుడు అదే తల ఒక చుట్టు పూర్తిగా తిరిగి 440 డిగ్రీల దగ్గర ఆగిందనుకోండి. చూపుకు అది 80 డిగ్రీలే. కానీ సగం 220 కాబట్టి సంఖ్యలు -0.766, -0.643 అవుతాయి. భంగిమ ఒక్కటే, గోళం మీద చోటు మాత్రం సరిగ్గా ఎదుటివైపు.

మొదటి జతతో స్లెర్ప్ చేస్తే సగం దారిలో తల 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనకు కావలసింది అదే. రుణ గుర్తు జతతో చేస్తే సగం దారిలో 230 డిగ్రీల దగ్గర తేలుతుంది. 60 డిగ్రీలు తిరగాల్సిన తల అటువైపు నుంచి 300 డిగ్రీలు తిరుగుతుందన్నమాట.

దీన్ని ముందే పట్టుకోవచ్చు. రెండు క్వాటర్నియన్లలో సరిజోడు సంఖ్యలను గుణించి కూడితే డాట్ ప్రోడక్ట్ వస్తుంది. మొదటి జతకు అది 0.866, రెండోదానికి -0.866. రుణం వచ్చిందంటే స్లెర్ప్ దూరపు దారి పట్టబోతున్నట్టే. అప్పుడు ఒకదాని గుర్తులన్నీ మార్చేస్తే చాలు, భంగిమ చెదరదు:

```
if dot(q0, q1) < 0:
    q1 = -q1
```

రెండు భంగిమల మధ్య సరిగ్గా 180 డిగ్రీలుంటే మాత్రం డాట్ సున్నా అవుతుంది. రెండు దారులూ సమానమే. ఆ దగ్గర్లో లెక్కలోని చిన్న తేడాకే తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది. అక్కడ దారి మనమే చెప్పాలి.

నిజంగానే 300 డిగ్రీల చుట్టు కావాలంటే? ఈ సవరణ దాన్ని కూడా 60కి కుదించేస్తుంది. అందుకని 20కీ 80కీ నడుమ 280 దగ్గర ఒక కీ ఫ్రేమ్, 180 దగ్గర ఇంకొకటి పెట్టాలి. ఒక్కో ముక్క 100 డిగ్రీలే కాబట్టి, ప్రతి ముక్కలోనూ దగ్గర దారే మనం కోరిన దారి అవుతుంది.