తెల్లగా ఉన్నవన్నీ కొంగలేనా?

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో తీసిన ఫొటోలో మూడు తెల్లని పక్షులున్నాయనుకుందాం. రంగు పక్కనపెట్టి ముందు ముక్కు చూడండి. కత్తిలా నిటారుగా ఉంటే ఎగ్రెట్, అంటే తెల్లకొంగ. కొడవలిలా కిందికి వంగి, తల బోడిగా నల్లగా ఉంటే ఐబిస్. ముక్కు లావుగా ఉండి, మూసినా మధ్యలో సందు కనిపిస్తే నత్తలు తినే ఓపెన్‌బిల్ స్టార్క్. దాని పిల్లలకు మాత్రం ఆ సందు ఉండదు.

ఎగురుతున్న ఫొటో అయితే మెడే ఆధారం. హెరాన్లు, ఎగ్రెట్లు మెడను మడిచి భుజాల మధ్యకు లాక్కుంటాయి. స్టార్కులు, ఐబిస్‌లు ముందుకు చాచి ఎగురుతాయి. నిలబడినప్పుడు ఈ గుర్తు పనికిరాదు. వేటలో హెరాన్ కూడా మెడ చాస్తుంది.

ఎగ్రెట్ అని తేలాక, ఏ రకమో కాళ్లు చెబుతాయి. నల్లని కాళ్లకు పసుపు పాదాలుంటే చిన్న ఎగ్రెట్. పాదాలూ నల్లగా ఉంటే పెద్ద ఎగ్రెట్ కావచ్చు. బురద పాదాల రంగును కప్పేస్తుంది కాబట్టి నోటి చీలిక చూడండి. పెద్దదానికి అది కన్ను దాటి వెనక్కి సాగుతుంది. దాని పసుపు ముక్కు గూడుకట్టే కాలంలో నల్లబడుతుంది కాబట్టి, ముక్కు రంగు ఒక్కటే చూసి పేరు పెట్టకండి.